సెకండ్ హ్యాండ్ కారు లిస్టింగ్‌ని ఫోన్ రివ్యూలా రాస్తే ఏమైంది: మా మావయ్య షాపులో ఒక బాలెనో కథ

ఫోన్ రివ్యూలో "బ్యాటరీ సూపర్, కెమెరా అదుర్స్, కొనేయండి" అని మూడు ముక్కలు రాసి వదిలేస్తే మీరు కామెంట్లలో నన్ను ఉతికి ఆరేస్తారు. స్క్రీన్ ఆన్ టైమ్ ఎంత, ఎంతసేపు గేమ్ ఆడితే వేడెక్కింది, రాత్రి ఫోటోలో నాయిస్ ఉందా లేదా అని అడుగుతారు. అడగాలి కూడా. మరి పదిహేను వేల ఫోన్‌కి ఇన్ని అడిగేవాళ్లం, ఐదు లక్షల పాత కారు లిస్టింగ్‌లో "షోరూమ్ కండిషన్, సింగిల్ హ్యాండ్, నాన్ యాక్సిడెంట్, ధర నెగోషియబుల్" అని చూసి ఎలా ఊరుకుంటున్నాం?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. విజయవాడలో మా మావయ్యకి సెకండ్ హ్యాండ్ కార్ల షాపు ఉంది. షాపంటే పెద్ద ఊహించుకోకండి. రేకుల షెడ్డు, పది కార్లు పట్టే ఖాళీ స్థలం, ఒక కుర్రాడు, ఒక టేబుల్ ఫ్యాన్. నేను హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటూ నెలకి రెండుసార్లు ఇంటికొస్తా. పోయిన సంవత్సరం అలా వచ్చినప్పుడు షాపులో 2018 బాలెనో డెల్టా ఒకటి 70 రోజులుగా కదలకుండా ఉంది. మావయ్య దాన్ని 4 లక్షల 30 వేలకి కొన్నాడు, ఆ డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. అంటే కారు కదలకుండా నిలబడి ఉన్నందుకే నెలకి 8,600 ఖర్చు. ఫోన్లు రావట్లేదా అంటే తెగ వస్తున్నాయి. మనుషులు కూడా వస్తున్నారు. కొనేవాళ్లే లేరు.

ఆ ఆదివారం గుడివాడ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు, వాళ్లమ్మాయి బస్సులో వచ్చారు. అమ్మాయి బ్యాంకులో పనిచేస్తుందట. కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ ఎత్తమని, ఎడమవైపు ఫెండర్ బోల్టుల దగ్గర ఫోన్ టార్చ్ వేసి చూసింది. బోల్టు తలల మీద పెయింట్ పగిలి ఉంది. కుడివైపు బోల్టులు మాత్రం కారు రంగులోనే నున్నగా ఉన్నాయి.

"ఈ ఫెండర్ మార్చారు కదండీ?" అంది.

మావయ్య "చిన్నదేనమ్మా, బైకు తగిలింది, 2021లో" అన్నాడు.

"ఫెండర్ మారిస్తే మాకేం ఇబ్బంది లేదండి. నాన్ యాక్సిడెంట్ అని రాశారు. ఇంకేం చెప్పలేదో మాకెలా తెలుస్తుంది?"

వాళ్లు వెళ్లిపోయారు. మావయ్య అబద్ధాలకోరు కాదు, ఆయన దృష్టిలో బైకు తగలడం యాక్సిడెంటే కాదు. కానీ ఆ రోజు నిజంగా కొనడానికి డబ్బు పట్టుకుని వచ్చిన ఒకే ఒక్క పార్టీ, లిస్టింగ్‌లోని ఒక మాట వల్ల పోయింది.

ముందు లాగ్ తీశా

ప్రొడక్షన్‌లో ఏదైనా పగిలితే మనం మొదట చూసేది లాగ్స్. ఇక్కడ లాగ్స్ లేవు, కాబట్టి ఒక నోట్‌బుక్ కొని షాపు కుర్రాడికిచ్చా. ఆ బాలెనో గురించి ఎవరు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న ఏం అడిగారో రాయమన్నా. రెండు వారాల్లో 47 కాల్స్ వచ్చాయి. 19 మంది అడిగింది ఒకటే, "లాస్ట్ ప్రైస్ ఎంత?" 9 మంది తెలంగాణ నుంచి, అసలు ఏపీ బండి అనే తెలీకుండా చేశారు. 8 మంది బ్రోకర్లు. 6 మంది ఎన్నో ఓనర్, లోన్ ఉందా, ఇన్సూరెన్స్ ఉందా లాంటి కాగితాల ప్రశ్నలు అడిగి "మళ్లీ చేస్తాం" అన్నారు. కారు చూడటానికి వచ్చినవాళ్లు ఐదుగురు. కొన్నవాళ్లు సున్నా.

మావయ్య వీళ్లలో చాలామందిని "టైంపాస్ గాళ్లు" అంటాడు. కానీ నోట్‌బుక్ చూస్తే నాకు వేరే విషయం కనిపించింది. ఆ తొమ్మిది మంది తెలంగాణ వాళ్లు టైంపాస్ కాదు. లిస్టింగ్‌లో ఏపీ రిజిస్ట్రేషన్ అని రాసి ఉంటే వాళ్లు ఫోనే చేసేవాళ్లు కాదు, లేదా ఖర్చు లెక్కేసుకుని చేసేవాళ్లు. "నెగోషియబుల్" అని మనమే రాసి "లాస్ట్ ప్రైస్ ఎంత" అని అడిగితే విసుక్కోవడం ఏంటి? ఆ ప్రశ్నని పిలిచింది మన లిస్టింగే. పదేపదే వచ్చే ప్రతి ప్రశ్నా లిస్టింగ్‌లో లేని ఒక లైన్ అన్నమాట.

కారుకి బెంచ్‌మార్క్

ఇప్పుడు మనకి ఇష్టమైన పార్ట్, గ్యాడ్జెట్లు. "కండిషన్ బాగుంది" అనే మాట తీసేసి ఆ స్థానంలో కొలిచిన అంకె పెట్టాలంటే కొలిచే వస్తువు ఉండాలి కదా. నేను మూడు వాడాను.

మొదటిది పెయింట్ మందం కొలిచే మీటర్. చిన్న రిమోట్ అంత ఉంటుంది, మూతిని రేకుకి ఆనిస్తే పైన పెయింట్ ఎన్ని మైక్రాన్లు ఉందో చూపిస్తుంది. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, కొన్ని కార్లలో కొంచెం తక్కువ. మళ్లీ పెయింట్ కొడితే 200 దాటుతుంది. కింద పుట్టీ పెట్టి సొట్ట కవర్ చేస్తే 500, ఇంకా పైకి పోతుంది. మా బాలెనోకి రూఫ్ 105, కుడి ఫెండర్ 110, డోర్లు నాలుగూ 105 నుంచి 120 మధ్య వచ్చాయి. ఎడమ ఫెండర్ 240. అంటే ఫెండర్‌కి మళ్లీ రంగు వేశారు, పుట్టీ లేదు. మావయ్య చెప్పిన బైకు కథకి ఇది సరిపోతుంది. ఒక పరిమితి గుర్తుపెట్టుకోండి, ఈ మీటర్ లోహం మీదే పనిచేస్తుంది. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి దాని గురించి ఏమీ చెప్పదు. అక్కడ కంటితో చూసి రాయాల్సిందే.

ఇక్కడే "యాక్సిడెంట్" అనే మాటని విడగొట్టాలి. ఫెండర్, బానెట్, డోర్లు, డిక్కీ ఇవన్నీ బోల్టులతో బిగించినవి. విప్పి మార్చేస్తే కారు బలానికి ఏమీ కాదు. బానెట్ కింద టైర్ల పైన ఉండే ఆప్రాన్లు, డోర్ల మధ్య పిల్లర్లు, ముందువైపు చాసిస్ కాళ్లు మాత్రం వెల్డింగ్ చేసినవి. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగ్ అయితే డోర్ రబ్బర్ లాగి చూసినప్పుడు చిన్న చిన్న గుండ్రటి గుంటలు ఒకే దూరంలో వరసగా కనిపిస్తాయి. దెబ్బ తగిలి బయట వెల్డ్ చేస్తే ఆ వరస చెడిపోతుంది, సీలెంట్ కూడా చేత్తో పూసినట్టు ఎగుడుదిగుడుగా ఉంటుంది. కొనేవాడికి భయం ఉన్నది ఇక్కడ. కాబట్టి "నాన్ యాక్సిడెంట్" అనే గోడమీద పిల్లి మాట కంటే, "ఎడమ ఫెండర్ మార్చారు, ఆప్రాన్లు, పిల్లర్లు ఫ్యాక్టరీ వెల్డింగ్‌తోనే ఉన్నాయి, ఫోటోలు ఉన్నాయి" అనే మాట ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

రెండోది ఓబీడీ స్కానర్, బ్లూటూత్‌ది. స్టీరింగ్ కింద పోర్టులో పెట్టి ఫోన్‌లో యాప్ తెరిస్తే ఎర్రర్ కోడ్స్ కనిపిస్తాయి. "కోడ్స్ ఏమీ లేవు" అని ఎవరైనా రాయొచ్చు, ఎందుకంటే అమ్మే ముందురోజు ఒక బటన్ నొక్కి అన్నీ చెరిపేయొచ్చు. అందుకే నేను ఇంకో విలువ కూడా చదివా. చాలా కార్లలో ఇంజిన్ కంప్యూటర్, కోడ్స్ చివరిసారి చెరిపినప్పటి నుంచి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో దాచుకుంటుంది. యాప్‌లో కస్టమ్ కమాండ్ ఇచ్చే చోట ఇది కొట్టాలి:

```
01 31
```

జవాబులో చివరి రెండు బైట్లే ఆ దూరం. మాకు వచ్చింది ఇది:

```
41 31 2B C0
0x2BC0 = 11200 km
```

అంటే గత 11,200 కిలోమీటర్లలో ఎవరూ కోడ్స్ చెరపలేదు. ఇక్కడ 40 కిలోమీటర్లు అని వచ్చి ఉంటే నేను ఆ లైన్ రాసేవాణ్ణి కాదు, ముందు మావయ్యని అడిగేవాణ్ణి. కొన్ని కార్లలో బ్యాటరీ తీసి పెట్టినా ఇది సున్నా అవుతుంది కాబట్టి తక్కువ అంకె రాగానే మోసం అనుకోకూడదు. అలాగే ఇది ఓడోమీటర్‌కి సాక్ష్యం కూడా కాదు. కిలోమీటర్లు నిజమా కాదా అన్నది సర్వీస్ బిల్లుల మీద రాసిన రీడింగ్స్‌ని తేదీల వరసలో పెట్టి చూసుకోవాలి. మా కారుకి 41 వేల కిలోమీటర్ల దాకా బిల్లులు ఉన్నాయి, తర్వాత 54 వేల దగ్గర మళ్లీ మొదలయ్యాయి. మధ్యలో 13 వేలకి కాగితం లేదు. అది కూడా లిస్టింగ్‌లోకి వెళ్లింది.

మూడోది టైర్ లోతు కొలిచే గేజ్, చాలా చవక. కొత్త టైర్‌కి సుమారు 8 మిల్లీమీటర్ల గాడి ఉంటుంది, మన దగ్గర చట్టప్రకారం 1.6కి తగ్గకూడదు. టైర్ పక్కన డాట్ అనే కోడ్ చివర నాలుగు అంకెలు చూడండి. మా ముందు టైర్ల మీద 0823, అంటే 2023లో 8వ వారం తయారీ. వెనక టైర్ల మీద 3520, అంటే 2020లో 35వ వారం. లోతు ముందు 5.5, వెనక 2.5. "టైర్లు 60 శాతం" అని రాయడం మన మార్కెట్లో అలవాటు. దేంట్లో 60 శాతమో ఎవడికీ తెలీదు.

ఇవి కాక మెషీన్‌తో పని లేనివి రెండు దొరికాయి. క్లచ్ పెడల్ దాదాపు పైదాకా వచ్చాక గానీ పట్టుకోవట్లేదు, త్వరలో మార్చాలి. మా మెకానిక్ ఎస్టిమేట్ 9,500. రెండో తాళం లేదు. ఇమ్మొబిలైజర్ ఉన్న తాళం కాబట్టి ఫుట్‌పాత్ మీద చేయించే పని కాదు, ప్రోగ్రామింగ్‌తో కలిపి 5,500 అడిగారు.

మొదటి వెర్షన్ ఫెయిల్

ఇన్ని కొలిచాక నాకు పూనకం వచ్చింది. ప్రతి గీత, ప్రతి మరక, సీటు కవర్ మీద కాఫీ చుక్కతో సహా ఆరేడు వందల మాటల్లో రాసి పెట్టేశా. నాలుగు రోజుల్లో ఒకే కాల్ వచ్చింది. అది కూడా తుక్కు కొనేవాళ్ల నుంచి. మావయ్య నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. "ఒరేయ్, నిజం చెప్పమంటే శవ పంచనామా రాశావేంట్రా" అన్నాడు.

ఆయన కరెక్ట్. నేను చేసిన తప్పు రెండు చోట్ల ఉంది. ఏడేళ్ల కారుకి మామూలుగా ఉండే గీతలకీ, డబ్బు ఖర్చయ్యే లోపాలకీ ఒకే బరువు ఇచ్చా. రెండోది, లోపం పక్కన ఖర్చు రాయలేదు. "క్లచ్ అరిగింది" అని ఒక్కటే చదివితే కొనేవాడి బుర్రలో ముప్పై వేలు మెదులుతుంది. "క్లచ్ త్వరలో మార్చాలి, 9,500, ఎస్టిమేట్ కాగితం ఉంది" అంటే అది లెక్కలో ఒక లైన్ మాత్రమే. భయపెట్టేది లోపం కన్నా దాని పక్కన ఉన్న ఖాళీ.

అక్కడి నుంచి ఒక రూల్ పెట్టుకున్నా. డబ్బు, భద్రత, కాగితాలు, ఈ మూడింటిలో దేన్నైనా తాకే విషయం రాతలో ఉండాలి. మిగతా గీతలన్నీ ఫోటోల్లో ఉంటే చాలు. ఫోటో కూడా ఊరికే దగ్గర్నుంచి తీస్తే వెంట్రుక గీత కూడా లోయలా కనిపిస్తుంది. అందుకని ప్రతి గీతకీ రెండు ఫోటోలు, ఒకటి పక్కన రూపాయి బిళ్ల పెట్టి, ఇంకొకటి ఆరడుగుల దూరం నుంచి.

ధర దగ్గర గొడవ

మావయ్యకి నాకు అసలు గొడవ ధర దగ్గర వచ్చింది. ఆయన 5.25 పెట్టి నెగోషియబుల్ అందామంటాడు. "బేరం లేకపోతే మనోళ్లు కొనర్రా, వాళ్లకి తృప్తి ఉండదు" అని ఆయన థియరీ. ముప్పై ఏళ్ల అనుభవం, కొట్టిపారేయలేను. కానీ 19 కాల్స్ దాని వల్లే.

చివరికి ఇలా కుదిరింది. చుట్టుపక్కల ఇదే సంవత్సరం, ఇదే వేరియంట్, ఇంచుమించు ఇవే కిలోమీటర్లు ఉన్నవి, లోపాలు లేవని చెప్పేవి చూస్తే 5.20 దగ్గర అడుగుతున్నారు. అందులోంచి క్లచ్ 9,500, వెనక రెండు టైర్లు 10,000, రెండో తాళం 5,500 తీసేస్తే 4.95. ఆ తీసివేతని యథాతథంగా లిస్టింగ్‌లో పెట్టాం. దీనివల్ల ఒక లాభం ఏంటంటే, చూడటానికి వచ్చినవాడు "క్లచ్ పోయింది కదా, పదిహేను వేలు తగ్గించు" అనలేడు, అది ఆల్రెడీ తగ్గింది. బేరానికి 5 వేలు ఉంచాం, అది కూడా రాసేశాం, "కారు చూశాకే" అనే షరతుతో. మావయ్యకి ఆ తృప్తి సిద్ధాంతం కొంచెం మిగిలింది, నాకు ఫోన్‌లో లాస్ట్ ప్రైస్ గొడవ తగ్గింది.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తా, కానీ ఫిల్టర్‌గా ఇదే ఎక్కువ పనిచేసింది. ఆర్‌సీలో ఇప్పుడున్నది రెండో ఓనర్. మన వాళ్లు "సెకండ్ హ్యాండ్" అని రాస్తే కొనేవాడు తనే రెండో ఓనర్ అనుకుంటాడు. అందుకని "మీరు మూడో ఓనర్ అవుతారు" అని రాశాం. లోన్ తీరిపోయి ఫారం 35తో ఆర్‌సీలో హైపోథికేషన్ కూడా తీసేశారు, ఎం-పరివాహన్‌లో చూసుకోవచ్చు. ఇన్సూరెన్స్ ఉంది, కానీ నో క్లెయిమ్ బోనస్ కారుతో రాదు, అది పాత ఓనర్‌దే. ఇక ఏపీ నంబర్. తెలంగాణకి శాశ్వతంగా తీసుకెళ్లాలంటే ఇక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ తీసుకుని అక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి కొత్త నంబర్ తీసుకోవాలి. హైదరాబాద్ ధరలతో పోల్చి చవకగా ఉందని ఫోన్ చేసేవాళ్లకి ఆ తేడా ఎక్కడికి పోతుందో ముందే తెలియాలి.

చివరికి పెట్టిన లిస్టింగ్

చిన్న మార్పులు పోను ఇదీ అది:

> మారుతి బాలెనో డెల్టా, పెట్రోల్, మాన్యువల్. 2018 మే రిజిస్ట్రేషన్, 61,400 కి.మీ. ఏపీ 16. ధర రూ.4,95,000. కారు షాపుదే, పార్క్ అండ్ సేల్ కాదు.
>
> మీరు మూడో ఓనర్ అవుతారు. లోన్ లేదు, ఆర్‌సీలో హైపోథికేషన్ తీసేశాం. ఇన్సూరెన్స్ వచ్చే మార్చి వరకు. తెలంగాణకి తీసుకెళ్తే ఎన్‌ఓసీకి కాగితాలు మేమిస్తాం, అక్కడి లైఫ్ ట్యాక్స్ మీరు కట్టుకోవాలి.
>
> డబ్బు పెట్టాల్సినవి: క్లచ్ త్వరలో మార్చాలి (ఎస్టిమేట్ 9,500). వెనక రెండు టైర్లు 2020వి, గాడి 2.5 మి.మీ. (10,000). తాళం ఒకటే ఉంది (రెండోదానికి 5,500). ఈ మొత్తం 25,000 ధరలో ఇప్పటికే తగ్గించాం.
>
> తెలుసుకోవాల్సినవి: 2021లో బైకు తగిలి ఎడమ ముందు ఫెండర్ మార్చారు, పెయింట్ 240 మైక్రాన్లు. మిగతా రేకులన్నీ 105 నుంచి 120. ఆప్రాన్లు, పిల్లర్ల ఫోటోలు ఉన్నాయి. 41 వేల నుంచి 54 వేల కి.మీ. మధ్య సర్వీస్ బిల్లులు లేవు, ఆ కాలంలో ఏం చేశారో మాకు తెలియదు. ఓబీడీలో కోడ్స్ లేవు, చెరిపి 11,200 కి.మీ. అయింది.
>
> బాగున్నవి: ఏసీ, సస్పెన్షన్, ముందు టైర్లు (2023, 5.5 మి.మీ.). కోల్డ్ స్టార్ట్ వీడియో పెట్టాం.
>
> మీ మెకానిక్‌ని తెచ్చుకోండి, లిఫ్ట్ మీద చూపిస్తాం. కారు చూశాక బేరం 5 వేల లోపు. వచ్చేముందు వాట్సాప్‌లో మూడు విషయాలు పంపండి: ఏ ఊరి రిజిస్ట్రేషన్ కావాలి, లోనా సొంత డబ్బా, ఏ రోజు వస్తారు.

ఇందులో నాకు ముఖ్యమైన మాట "మాకు తెలియదు" అన్నది. బిల్లులు లేని ఆ 13 వేల కిలోమీటర్లలో సర్వీస్ జరిగిందని రాస్తే అబద్ధం, జరగలేదని రాసినా అబద్ధమే. తెలియదు అని రాయడానికి మావయ్య మొదట ఒప్పుకోలేదు. "తెలియదంటే షాపు ఎందుకు పెట్టావ్ అంటారు" అన్నాడు. గుడివాడ అమ్మాయి మాట గుర్తుచేశాక ఊరుకున్నాడు.

చివరి మూడు ప్రశ్నలు ఎందుకంటే, నిజంగా కొనేవాడికి అవి రాయడానికి అరనిమిషం పట్టదు, అవి అతను ఎలాగూ ఆలోచించుకున్నవే. లోన్ అన్నవాళ్లకి మేము వెంటనే కారు వయసు గుర్తుచేస్తాం. కారు వయసు, లోన్ కాలం కలిపి ఇన్నేళ్లకి మించకూడదని బ్యాంకులు పరిమితి పెడతాయి కాబట్టి, ముందు బ్యాంకులో కనుక్కుని రమ్మంటాం. ఇంతకుముందు ఈ కారణంతో అడ్వాన్స్ ఇచ్చి వెనక్కి తీసుకున్నవాళ్లు ఉన్నారు.

ఏం జరిగింది

తర్వాతి రెండు వారాల్లో 16 మంది అడిగారు. లాస్ట్ ప్రైస్ అన్నవాళ్లు ఇద్దరే. తెలంగాణ నుంచి ఒకాయన, ఆయన ట్యాక్స్ లెక్క వేసుకుని మరీ చేశాడు. ఆరుగురు వచ్చారు. బ్రోకర్లు దాదాపు మాయం, ఎందుకంటే లోపాలన్నీ బయటపెట్టి ధర తగ్గించిన కారులో వాళ్లకి మిగిలేది ఏమీ ఉండదు.

అయితే ఫిల్టర్‌కి కూడా తప్పులుంటాయి. ఉయ్యూరు వైపు నుంచి ఒక పెద్దాయన ఏమీ చదవకుండా ఫోన్ చేసి "బాలెనో ఉందంట కదా, ఎంతబ్బాయ్?" అన్నాడు. మా కుర్రాడు కొత్త రూల్ ప్రకారం "వాట్సాప్‌లో మూడు విషయాలు పంపండి" అన్నాడు. ఆయన ఫోన్ పెట్టేశాడు. సాయంత్రం మావయ్యకి తెలిసి కుర్రాణ్ణి తిట్టి తనే తిరిగి ఫోన్ చేశాడు. పెద్దాయనకి చదవడం రాదు, కొడుకు కోసం కారు కావాలి, డబ్బు చేతిలో ఉంది. బాలెనో నచ్చలేదు గానీ పక్కనున్న వ్యాగన్ఆర్ తీసుకున్నాడు. అప్పటి నుంచి రూల్ మార్చాం. ఎవరైనా ఫోన్ చేస్తే ఆ మూడు ప్రశ్నలూ మనమే మాటల్లో అడగాలి. నా ఫిల్టర్ లిస్టింగ్ చదివేవాళ్లకి మాత్రమే పనికొస్తుంది, ఆ సంగతి నాకు తట్టనే లేదు.

బాలెనోని తెనాలి నుంచి వచ్చిన ఒక లెక్చరర్ కొన్నాడు. లిస్టింగ్ ప్రింట్ తీసుకుని, మెకానిక్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఒక్కో లైన్ చూస్తూ టిక్ పెట్టాడు. ఫెండర్ దగ్గర టిక్, టైర్ల దగ్గర టిక్. క్లచ్ కోసం నడిపి చూసి టిక్. గంటన్నర పట్టింది. చివర్లో ఆ మెకానిక్ మేము వదిలేసింది ఒకటి పట్టుకున్నాడు, ఎడమ వెనక పవర్ విండో సగం దాకా వచ్చి నత్తలా పైకి వెళ్తోంది. నేను అన్నీ కొలిచాను కానీ వెనక అద్దాలు ఎక్కించి చూడలేదు. లెక్చరర్ ప్రింట్ కింద పెన్నుతో "విండో" అని రాసి మావయ్య వైపు చూశాడు.

"ఇది మాకు కనపళ్లేదండి" అన్నాడు మావయ్య, "ఎంతవుతుంది?" అని ఆ మెకానిక్‌నే అడిగాడు. 1,500 అన్నాడతను. బేరం ఇంకో 1,500 జరిగి, మొత్తం 4,92,000 దగ్గర ఆగింది. మావయ్య మామూలుగా బేరం చేసే టైంలో సగం కూడా పట్టలేదు.

వడ్డీ, పాలిష్, షెడ్డు అద్దె అన్నీ పోను ఆ కారు మీద మిగిలింది గొప్పగా ఏమీ లేదు, మూడు నెలలు నిలబడిన కారు కదా. ఆ రాత్రి నేను హైదరాబాద్ బస్సు ఎక్కి కూర్చున్నాక మావయ్య ఫోన్ చేశాడు. రేపు ఒక ఐ20 వస్తోందట.

"ఒరేయ్, ఆ మైక్రాన్ల మిషన్ నీ బ్యాగులో పెట్టుకుని పోయావా ఏంటి?"

పెట్టుకునే వచ్చా. మర్నాడు కొరియర్ చేశాను.